హేమ్లాను రెండు ఇనుప స్తంభాలకు ఇచ్చిన సంగతి

1972 ఆగస్టులో మన తపాలా చరిత్రలో రెండు ముఖ్య ఘటనలు జరిగాయి. ఒకటి, ప్రభుత్వం దేశానికి ఆరంకెల పిన్‌కోడ్ ప్రసాదించింది. రెండోది, దమ్మపేటకు తొమ్మిది కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఉన్న మొద్దులగూడెంలో తపాలా రన్నరు సమ్మయ్య ఒక పోస్టుకార్డు రాశాడు. మొదటిది పత్రికలకెక్కింది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అయినా మొదటిది దేశానికి అలవాటు కావడానికి ఏళ్లు పట్టింది. రెండోది సమ్మయ్యకు వారం తిరక్కుండానే అలవాటైపోయింది.

కార్డు వెళ్లింది హేమ్లా అనే వాలీబాల్ ఆటగాడికి. దమ్మపేట జైహింద్ క్లబ్బులో అతనే పెద్ద స్మాషరు. మొద్దులగూడెం పక్క తండాలో ఉంటాడు. కార్డులో ఉన్నది ఇంతే: “నిన్నటి ఆటలో మీరు నాలుగో స్మాషు నెట్టుకు కొట్టినారు. ఎడమ కాలు ముందుగా లేపిన ఫలితము. గమనించగలరు. ఇట్లు, ఒక అభిమాని.”

ఈ కార్డు ప్రయాణం వినదగ్గది. సమ్మయ్య దాన్ని ఇంట్లో రాసి, చొక్కా జేబులో పెట్టుకుని, తొమ్మిది కిలోమీటర్లు నడిచి దమ్మపేట పోస్టాఫీసు డబ్బాలో వేశాడు. అక్కడి గుమస్తా దాని మీద ముద్ర కొట్టి మొద్దులగూడెం సంచిలో పడేశాడు. ఆ సంచిని సమ్మయ్యే భుజాన వేసుకుని మళ్లీ తొమ్మిది కిలోమీటర్లు మోశాడు. ఊరి పోస్టాఫీసులో రెండో ముద్ర పడ్డాక, డెలివరీ కూడా తన పనే గనక, తండాకు వెళ్లి ఏమీ ఎరగని ముఖంతో హేమ్లా చేతిలో పెట్టాడు. హేమ్లా కూడా ఎక్కడి నుంచో వచ్చిన కార్డును అందుకున్నట్టే అందుకున్నాడు.

ఎదురుగా ఉన్న మనిషికి నోటితోనే చెప్పొచ్చు గదా అంటారేమో. నోటితో చెబితే అది మాట. ముద్ర పడితే అభిప్రాయం. సమ్మయ్యకు ఈ తేడా బాగా తెలుసు.

ఆ తర్వాత పదకొండేళ్లు, ఆట జరిగిన ప్రతి ఆదివారం మర్నాడు ఒక కార్డు వెళ్లింది. పొగడ్తలు తక్కువ. సర్వీసు లైను తొక్కిన రోజు, బ్లాకుకు ఆలస్యంగా ఎగిరిన రోజు, కల్లూరు వాళ్ల మీద చేతికి బదులు నోరు చేసుకున్న రోజు, అన్నీ నమోదయ్యాయి. హేమ్లా వాటిని చదివి, ఇంటి చూరులో దోపేవాడు. ఎవరు రాస్తున్నారని ఒక్కసారీ అడగలేదు.

కల్లూరు సంగతి కొంచెం చెప్పాలి. కల్లూరు ఫ్రెండ్స్ యూనియన్‌కూ జైహింద్‌కూ పడదు. 1974లో ఒక బంతి సున్నపు గీత మీద పడిందా, బయట పడిందా అన్న తగాదాలో, కల్లూరు మనిషి ఒకడు ఆ గీతనే కాలితో చెరిపేశాడు. ఆనాటి నుంచి రెండు ఊళ్ల మధ్య ఆటకు ఇద్దరు రెఫరీలూ, ఒక హెడ్ కానిస్టేబులూ కావలసి వచ్చేవారు. గీత కూడా రెండుసార్లు వేసేవారు.

అలాంటి కల్లూరికి హేమ్లాను అమ్మేశారన్న వార్త, 1983 సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ ఆదివారం, ఆట అయ్యాక దమ్మపేట టీ హోటల్లో సమ్మయ్య చెవిన పడింది. చేతిలో టీ ఉంది. దాన్ని తాగకుండానే ఇంకో టీ చెప్పాడు. అదీ తాగకుండా లేచి, జైహింద్ కార్యదర్శి సీతయ్య గారి రైసుమిల్లుకు నడిచాడు.

“సీతయ్యగారూ, జనం ఏందేందో అంటున్నరు. నిజమేనా?”

“నిజమే సమ్మయ్యా. రెండు ఇనుప స్తంభాలు, ఒక నైలాను నెట్టు, ఆరు బంతులు. ఒప్పందం అయిపోయింది.”

“స్తంభాలకా? హేమ్లానా?”

“మరి? మనయి టేకు దుంగలాయె. నెట్టు బిగిస్తే వంగి దండం పెడుతున్నయ్. ఇనుప స్తంభాలు లేకుంటే ఈ ఏడు జిల్లా టోర్నమెంటు మన ఊర్ల పెట్టనియ్యమని ఖమ్మం వాళ్లు ఖరాఖండిగ రాసిన్రు. హేమ్లాకు ముప్పై ఆరేండ్లొచ్చినయ్. ఇంకా రెండేండ్లు ఎగురుతడేమో. స్తంభాలు ముప్పై ఏండ్లుంటయ్.”

స్తంభాలు ఎగరవు అనాలని సమ్మయ్యకు దారిలో తోచింది గానీ, అప్పటికి మిల్లు గేటు దాటి ఫర్లాంగు వచ్చేశాడు.

ఆటగాణ్ణి అమ్మడమంటే సంతలో ఎద్దును అమ్మినంత తేలిక కాదు. ఎద్దుకు ఒక్క రశీదు చాలు. ఆటగాడికి మూడు ప్రతులు కావాలి. ప్రతి జూన్‌లో ప్రతి క్లబ్బూ పన్నెండు మంది పేర్లు, ఫోటోలు అంటించి, ఖమ్మంలోని జిల్లా సంఘానికి పంపుతుంది. ఆ పన్నెండులో పేరున్నవాడు ఆ ఏడాది వేరే క్లబ్బుకు ఆడకూడదు. ఆడితే, ఆడించిన క్లబ్బు గెలిచిన ఆట కూడా ఓడినట్టే రాస్తారు. మధ్యలో మారాలంటే పాత క్లబ్బు ‘క్లియరెన్సు’ ఇవ్వాలి. ఆ ఫారం మీద పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి, ఆటగాడు సంతకాలు చేయాలి. పాత క్లబ్బు సభ్యుడు ఒకరు సాక్షిగా కూడా చేయాలి. ఒక ప్రతి పాతవారికి, ఒకటి కొత్తవారికి, మూడోది ఖమ్మానికి. ఆ ఏటి గడువు ఇరవయ్యో తేదీ, మంగళవారం సాయంత్రం. అంటే క్లబ్బులు రెండూ ఎంత ఒప్పుకున్నా, హేమ్లా సంతకం పడకపోతే హేమ్లా జైహింద్ వాడే.

సమ్మయ్య ఈ చివరి వాక్యాన్ని గట్టిగా పట్టుకున్నాడు. టీ హోటల్‌కు తిరిగొచ్చి, పదకొండేళ్లలో మొదటిసారి, కార్డు కాకుండా అక్కడ అమ్మే ఇన్‌లాండ్ కవరు కొన్నాడు. కార్డయితే గుమస్తా నుంచి దారిన పోయేవాళ్ల దాకా అందరూ చదువుతారు. టీ హోటల్ బల్ల మీదే కూర్చుని, రెండుసార్లు లేచి, మూడోసారి నిలబడే రాశాడు.

“హేమ్లా గారికి,

నిన్ను రెండు స్తంభాలకు అమ్మినారని తెలిసి నాకు టీ దిగలేదు. నీవు పద్నాలుగు ఏండ్లు జైహింద్‌కు ఆడితివి. సత్తుపల్లిలో మనకు పదమూడు, వారికి పద్నాలుగు ఉన్నపుడు, కాలు బెణికినా ఆడి సర్వీసు మనకు తెచ్చితివి. ఆ రాత్రి నేను ఇంటికి నడిచి వచ్చినది నాకు గుర్తు లేదు, ఎగిరి వచ్చితినేమో. అటువంటి నీవు గీత చెరిపిన వారి దగ్గరకు పోయి, వారి బనీను తొడిగి, మన మీదనే కొట్టుదువా? నీకు సిగ్గు లేదా? నీ స్మాషు ఎట్లున్నదని ఇన్ని ఏండ్లు చూసినాను గాని, నీ మనసు ఎట్లున్నదని చూడలేదు. సంతకము పెట్టవద్దు. పెట్టితివా, ఇక నీకు నా కార్డు రాదు. ఇదే ఆఖరు.

ఇట్లు, ఒక అభిమాని.”

డబ్బాలో వేశాక చేతికి ఏదో తేలికైనట్టు అనిపించింది. ఇంటికి చేరేదాకా ఆ తేలిక ఉంది.

పొద్దున్నే భార్య రామక్క గిన్నెలో జొన్నగటక పోస్తూ, ఊరి సంగతుల్లో ఒకటిగా అన్నది:

“హేమ్లా కల్లూరు పోతుండంట గద. ఆయనే పొయ్యి అడిగిండంట.”

సమ్మయ్య చెయ్యి గిన్నె దగ్గర ఆగింది. “ఎవరు చెప్పిన్రు?”

“పూలి చెప్పింది, ఆయన పెండ్లామే. కల్లూరు పత్తి జిన్నింగ్ మిల్లుల వాచ్‌మెన్ నౌకరి. నెలజీతం, పర్మినెంటు. క్లబ్బుల ఆడేటోనికే ఇస్తరంట. ఇయ్యాల కల్లూరోళ్లు తెచ్చే కాగితం మీద సంతకం పెట్టంగనె నౌకరి ఆర్డరు చేతుల పెడుతరంట. సీతయ్య మిల్లుల సీజన్ అయినంక పనే ఉండదాయె. ఆయనకు భుజం నొప్పి, బస్తా ఎత్తలేకపోతుండంట.”

“భుజమా? నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వెప్పుడు అడిగినవ్? నీకు ఆయన ఎడమకాలు ముచ్చటే గద.”

సమ్మయ్య గటక తాగలేదు. సంచి పట్టుకుని, రోజూ కన్నా గంట ముందే దమ్మపేట బయలుదేరాడు. తొందరగా వెళ్తే ఏం లాభమో ఆయనకే తెలియదు. డబ్బా తాళం గుమస్తా దగ్గర ఉంటుంది, గుమస్తా తొమ్మిదింటికి గాని రాడు. రెండు గంటలు డబ్బా చుట్టూ తిరిగాడు. దాని ఎర్రరంగు మీద వేలితో గీకాడు. సందులోంచి లోపలికి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

గుమస్తా వచ్చి ఉత్తరాలు బల్ల మీద పోశాడు. నీలం రంగు ఇన్‌లాండ్ ముందు ముద్ర కింద పడి, తర్వాత మొద్దులగూడెం సంచిలో పడింది.

“ఏంది సమ్మయ్యా, గట్ల చూస్తున్నవ్?”

“ఏం లేదు సార్. జల్దీ కట్టుండ్రి.” ఒక క్షణం ఆగి, “మెల్లగ కట్టినా సరే,” అన్నాడు.

సంచి మూతికి పురికొస చుట్టి, లక్క వేసి, ముద్ర అద్దారు. ఇక ఆ సంచిని తెరిచే అధికారం ఈ ప్రపంచంలో మొద్దులగూడెం పోస్టుమాస్టరుకు తప్ప ఎవరికీ లేదు. ఇరవై ఏళ్లుగా ఆ సంచి సమ్మయ్య భుజాన ఒక బరువుగా మాత్రమే ఉండేది. ఆ రోజు మాత్రం అందులో ఏదో కదులుతున్నట్టే ఉంది. కుడి భుజం నుంచి ఎడమకు, ఎడమ నుంచి తలమీదికి మార్చాడు. వాగు దగ్గర నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. సంచి జారి పడితే కొట్టుకుపోతుంది. పడితే అది ప్రమాదం. ప్రమాదానికి ఎవరూ బాధ్యులు కారు. ఈ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే భయమేసి, సంచిని రెండు చేతులా నెత్తి మీద పట్టుకుని, రోజూ కన్నా జాగ్రత్తగా వాగు దాటాడు.

మొద్దులగూడెం పోస్టుమాస్టరు తుల్సీరాం మాస్టారు. అసలు ఉద్యోగం బడిపంతులు; బడి వసారాలోనే పోస్టాఫీసు. ఆయనకు నిబంధనల పుస్తకమంటే ఎంత గౌరవమంటే, దాన్ని తెరిచే ముందు చేతులు కడుక్కుంటాడు.

“సారూ, ఒక మాట. ఉత్తరం ఏసినోడు, అది అవతలోనికి అందకముందే వాపసు తీసుకోవచ్చా?”

“తీసుకోవచ్చు,” అన్నాడు మాస్టారు, చేతులు కడుక్కోవడానికి లేస్తూ.

సమ్మయ్య ప్రాణం లేచి వచ్చింది.

“రాసినాయన అర్జీ పెట్టుకోవాలె. తానే రాసినట్టు రుజువుకు, ఉత్తరం మీదున్న చిరునామాను అదే చేతిరాతతో ఇంకో కాగితం మీద రాసియ్యాలె. ఆ అర్జీని నేను దమ్మపేటకు పంపాలె. వాళ్లు రెండు రాతలూ చూసి, సరేనంటే నాకు హుకుం పంపుతరు.”

“హుకుం ఎప్పుడొస్తది?”

“రేపటి సంచిల.”

“ఉత్తరం?”

“ఇయ్యాలటి డెలివరీలనే పోవాలె. ఉత్తరం ఆపే అధికారం హుకుం లేకుండ నాకు లేదు.” మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశాడు. “ఎవరిది సమ్మయ్యా, ఆ ఉత్తరం?”

“ఎవరిదో. తొవ్వల ఒకాయన అడిగిండు.”

మాస్టారు ఇన్‌లాండ్ మీద రెండో ముద్ర కొట్టి, ఆ రోజు పంచవలసిన ఏడు ఉత్తరాలతో కలిపి సమ్మయ్యకు ఇచ్చాడు. ఇస్తూ, చిరునామా వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు.

సమ్మయ్య డెలివరీ ఎప్పుడూ తండాతో మొదలయ్యేది. కార్డు వల్ల ఏర్పడిన క్రమం అది. ఆ రోజు తిరగేశాడు. ముందు అవతలి కోయగూడేనికి వెళ్లాడు. తండాకు ఎంత ఆలస్యంగా వెళ్తే అంత మంచిది. కల్లూరు వాళ్లు వచ్చి, సంతకం చేయించుకుని, ఆర్డరు ఇచ్చి వెళ్లిపోతారు. తర్వాత ఉత్తరం అందినా తిట్లు మిగులుతాయి గాని నష్టం జరగదు. ఇందులో నియమానికి భంగం లేదు. ఏ ఇంటికి ముందు వెళ్లాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

“ఏంది సమ్మన్నా, పొద్దుగూకంగ వచ్చేటోనివి, గింత జల్దీ వచ్చినవ్?” అంది గూడెంలో జంపక్క, తునికాకు కట్టలు కట్టే తాడు పేనుతూ. “కూసో, నీళ్లు తాగు.”

కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చుని, ఆమెకొచ్చిన కార్డును అడక్కుండానే మూడుసార్లు చదివి వినిపించాడు. అందులో ఉన్నది రెండు వాక్యాలు.

“ఒక్కసారికే తెలిసింది గద,” అంది జంపక్క. “నీకు ఒంట్లో బాగ లేదా ఏంది?”

మధ్యాహ్నం మూడు దాటాక, ఇక ఇచ్చే ఇల్లు ఏదీ మిగలక, తండా దారి పట్టాడు. మలుపు తిరగగానే కాళ్లు ఆగిపోయాయి. హేమ్లా ఇంటి ముందు జీపు నిలబడి ఉంది.

కల్లూరు కార్యదర్శి వీరభద్రం మంచం మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఒడిలో మూడు ప్రతుల ఫారం. గుమ్మం దగ్గర పూలి. హేమ్లా గోడకు ఆనుకుని, కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. సమ్మయ్యను చూడగానే లేచాడు.

“వచ్చిండు! అన్నా, ఇయ్యాల గింత లేటేంది?”

వీరభద్రం విసుగ్గా సమ్మయ్య వైపు తిరిగాడు. “నువ్వేనా పోస్టు? పొద్దున పదకొండు నుంచీ నీకోసమే కూర్చున్నామయ్యా. సంతకం పెట్టవయ్యా బాబూ అంటే, నా కార్డు రానీ అంటాడు! ఏం కార్డు, ఎవరి కార్డు అంటే చెప్పడు.”

సమ్మయ్య ఎవరికోసం ఇంతసేపు ఆలస్యం చేశాడో, ఆ మనిషి ఇంతసేపూ సమ్మయ్య ఉత్తరం కోసమే సంతకం ఆపుకుని కూర్చున్నాడు.

“నిన్న జైహింద్‌కు ఆఖరాట ఆడిన,” అన్నాడు హేమ్లా, ఎవరికీ కాకుండా. “ఆట అయినంక సోమవారం కార్డొస్తది. అది చూడకుండ సంతకం ఎట్ల పెడత?”

“ఇయ్యాల... కార్డు లేదు,” అన్నాడు సమ్మయ్య. అది అబద్ధం కాదు.

హేమ్లా ముఖం వాడిపోయింది. పూలి అటు తిరిగింది. సమ్మయ్య ఆ ముఖాన్ని రెండు క్షణాలు చూశాడు. ఇరవై ఏళ్లలో ఒక్క ఉత్తరం దాచలేదు. ఈ ఒక్కటీ దాస్తే హేమ్లాకు నౌకరి దక్కుతుంది, తనదే పోవచ్చు. ఇస్తే తన నౌకరి ఉంటుంది, హేమ్లాది పోవచ్చు. చెయ్యి సంచిలోకి పోయి వచ్చి, మళ్లీ పోయింది.

“ఇన్‌లాండ్ ఉన్నది,” అని చేతిలో పెట్టేశాడు.

హేమ్లా దాన్ని జాగ్రత్తగా మూడు పక్కలా చింపాడు. పెదాలు కదిలిస్తూ చదివాడు. చదవడం అయిపోయాక మొదటి నుంచీ మళ్లీ చదివాడు. సమ్మయ్య జీపు చక్రాన్ని పరీక్షిస్తున్నాడు. దానికి ఐదు నట్లు ఉన్నట్టు కనిపెట్టాడు.

“ఏమంటున్నాడు?” అన్నాడు వీరభద్రం.

“సిగ్గు లేదా అంటుండు.”

“ఎవడయ్యా వాడు?”

“ఒక అభిమాని.” హేమ్లా సమ్మయ్య వైపు చూడలేదు. “సంతకం పెడితే ఇంక కార్డు రాయడంట.”

సమ్మయ్య గొంతు సవరించుకున్నాడు.

“కోపంల రాసి ఉంటడు, తమ్మీ. మనిషికి అసలు సంగతి తెల్వక రాసి ఉంటడు. భుజం ముచ్చట... నౌకరి ముచ్చట... ఆయనకెవరు చెప్పిన్రు?”

“ఆయనెప్పుడు అడగలే గదన్నా.”

“అవ్. అడగాల్సింది.” సమ్మయ్య నట్ల వైపే చూస్తున్నాడు. “ఇప్పుడు తెలిస్తే, గట్ల రాసినందుకు ఆ మనిషికి తిండి సైతం పోదు.”

“తెలిస్తే రాస్తడంటవా? కల్లూరుకు?”

“రాస్తడు.”

“కల్లూరుకు గూడ?”

“రాస్తడంటున్న గద! ఎడమకాలు ముందు లేపుడు మానకుంటే కల్లూరుకు గూడ రాస్తడు. పిన్‌కోడ్ అడిగి తెలుసుకుంటడు.” ఆగి, చిన్నగా అన్నాడు: “తెచ్చిచ్చేది వేరే మనిషి. గంతే.”

హేమ్లా తల ఊపి, ఇన్‌లాండ్‌ను మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు; చూరులో దోపలేదు. ఫారం అందుకుని, మూడు ప్రతుల మీదా నెమ్మదిగా సంతకం చేశాడు. వీరభద్రం మిల్లు ఆర్డరు తీసి ఇచ్చాడు. పూలి దాన్ని హేమ్లా చేతిలోంచి అందుకుని, లోపలికి తీసుకుపోయింది.

“ఇంకొక్కటి,” అన్నాడు వీరభద్రం. “మీ పాత క్లబ్బు వైపు నుంచి సాక్షి సంతకం. సీతయ్య గారు, ఎవరైనా జైహింద్ మనిషి చేత పెట్టించుకోండన్నారు. ఇప్పుడు దమ్మపేట వెళ్లే టైము లేదు. ఇక్కడెవరున్నారు?”

“ఈయన లేడా?” అన్నాడు హేమ్లా. “ఈయన కంటె పెద్ద జైహింద్ మనిషి ఎవరున్నరు?”

సమ్మయ్య కలం పట్టుకున్నాడు. రెండు స్తంభాలు, ఒక నెట్టు, ఆరు బంతుల బేరానికి తానే సాక్షి. అలవాటైన చేయి గనక అక్షరాలు బాగానే కుదిరాయి. హేమ్లా వంగి ఆ రాతను చూశాడు. ఒక చేయి జేబు మీద పెట్టుకున్నాడు. మూడు ప్రతులూ పూర్తయ్యాయి. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

మంగళవారం మధ్యాహ్నానికే ఫారం ఖమ్మం చేరింది. దమ్మపేటలో ఇనుప స్తంభాలు పాతారు. హేమ్లా సామానుతో కల్లూరు వెళ్లి, జిన్నింగ్ మిల్లులో చేరాడు. జిల్లా టోర్నమెంటులో కల్లూరు బనీను వేసుకుని జైహింద్ మీద ఎలా ఎగురుతాడో చూడాలని రెండు ఊళ్లూ ఆగలేకపోయాయి. అందరికంటే సమ్మయ్య ఆగలేకపోయాడు. చూడలేననీ, చూడక ఉండలేననీ రోజుకొక మాట అనేవాడు. కార్డు ఒకటి ముందే కొని, కొత్త చిరునామా రాసిపెట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత ఖమ్మం నుంచి హేమ్లా పేరున, తండా చిరునామాకు ఒక పెద్ద కవరు వచ్చింది. పాత చిరునామా గనక మొద్దులగూడెం సంచిలోనే వచ్చింది, సమ్మయ్యే మోశాడు. ఇంటికి తాళం ఉంటే, దాన్ని కల్లూరుకు మళ్లించడానికి తుల్సీరాం మాస్టారికి ఇచ్చాడు. మళ్లించిన కవరు హేమ్లా చదువుకుని, విషయం కార్డు మీద రాసి పంపాడు. సమ్మయ్య పేరున వచ్చిన మొట్టమొదటి కార్డు అదే.

జిల్లా సంఘం క్లియరెన్సును తిరస్కరించింది. జైహింద్ సంతకం చేసి వదులుకుంది, కల్లూరులో చేరడానికి గడువు దాటింది కాబట్టి హేమ్లా ఆ ఏడాది ఏ క్లబ్బుకూ ఆడడానికి వీల్లేదు. ఆర్డరు చేతికిచ్చేశారు గనక మిల్లు వాళ్లు నౌకరి మాత్రం తీసెయ్యలేదు. సంఘం తిరస్కరించిన కారణం కింద ఒకే ఒక వాక్యం ఉంది: సాక్షి సంతకం చేసిన వ్యక్తి పేరు జైహింద్ క్లబ్బు సభ్యుల జాబితాలో లేదు.